కొద్దిపాటి నీడకే ప్యానెల్ ఉత్పత్తి ఎందుకు పడిపోతుంది: బైపాస్ డయోడ్లతో నష్టాన్ని లెక్కకట్టి తగ్గించుకునే పద్ధతి

మేడ మీద సోలార్ పెట్టించుకున్న చాలామందికి ఎదురయ్యే సందేహం ఇది. ప్యానెల్ మీద ఒక మూల అరచేతంత నీడ పడుతుంది. చూస్తే మొత్తం అద్దంలో వందో వంతు కూడా ఉండదు. కానీ ఆ సమయంలో ఆ ప్యానెల్ ఉత్పత్తి మూడో వంతు తగ్గిపోతుంది. ఇంకో ఇంట్లో నీడ దానికి నాలుగింతలు పడినా నష్టం అంతే ఉంటుంది. ఈ రెండూ ఒకే కారణం వల్ల జరుగుతాయి. నష్టం నీడ వైశాల్యాన్ని బట్టి పోదు, ప్యానెల్ లోపల ఉన్న మూడు భాగాల్లో ఎన్నింటి మీద నీడ పడిందన్న లెక్కను బట్టి పోతుంది. ఆ భాగాలను విడదీసేవే బైపాస్ డయోడ్లు, కరెంటును ఒక దిశలోనే పోనిచ్చే చిన్న పరికరాలు. అవి ఎక్కడున్నాయో తెలుసుకుని, మీ మేడ మీది నీడను వాటితో పోల్చి చూస్తే నష్టం ఎంతో ముందే లెక్కకట్టవచ్చు. చాలాసార్లు తగ్గించుకోవచ్చు కూడా.

మొదట మీ ప్యానెల్లో భాగాలను గుర్తించండి

ఐదారేళ్ళ కిందట పెట్టించిన ప్యానెళ్ళలో ఎక్కువగా కనిపించేది 72 సెళ్ళ ప్యానెల్. సుమారు రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు. ముందు నుంచి చూస్తే పొడవునా ఆరు నిలువు వరసలు, ఒక్కో వరసలో 12 చదరపు సెళ్ళు. ఈ 72 సెళ్ళూ ఒకదాని వెనక ఒకటిగా, అంటే సిరీస్‌లో కలిసి ఉంటాయి. పక్కపక్కనున్న రెండు వరసలు, అంటే 24 సెళ్ళు కలిసి ఒక భాగం. అలాంటివి మూడు. ఒక్కో భాగానికి అడ్డంగా ఒక డయోడ్ ఉంటుంది. మూడు డయోడ్లూ ప్యానెల్ వెనక పైభాగాన ఉండే నల్లటి జంక్షన్ బాక్సులో ఉంటాయి.

ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా వచ్చేవి హాఫ్ కట్ ప్యానెళ్ళు. సెల్‌ను సగానికి కోసి 144 ముక్కలు అమరుస్తారు. ముందు నుంచి చూస్తే ప్యానెల్ మధ్యలో అడ్డంగా ఒక సన్నటి ఖాళీ గీత కనిపిస్తుంది. వెనక ఒక పెద్ద బాక్సుకు బదులు మధ్య గీత వెంబడి మూడు చిన్న బాక్సులు ఉంటాయి. వీటి లెక్క కొంచెం వేరు, దాని దగ్గరకు తర్వాత వస్తాను. ముందు పాత రకంతో విషయం అర్థం చేసుకుంటే కొత్తది తేలిక.

ప్యానెల్ వెనక లేబుల్ మీదున్న నాలుగు అంకెలు రాసి పెట్టుకోండి: Vmp, Imp, Voc, Isc. Vmp, Imp అంటే ప్యానెల్ గరిష్ఠ పవర్ ఇచ్చేటప్పటి వోల్టేజీ, కరెంటు. Voc అంటే కొసలకు ఏమీ కలపనప్పటి వోల్టేజీ, Isc అంటే రెండు కొసలూ నేరుగా కలిపినప్పటి కరెంటు. ఈ వ్యాసంలో లెక్కలకు 335 వాట్ల ప్యానెల్ తీసుకుంటున్నాను. దాని Vmp సుమారు 38 వోల్టులు, Imp 8.8 ఆంప్స్, Voc 46 వోల్టులు. 38ని మూడుతో భాగిస్తే ఒక్కో భాగం పని చేసేటప్పుడు ఇచ్చేది 12.7 వోల్టులని తేలుతుంది. ఈ 12.7 గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితోనే పని.

నీడ పడిన సెల్‌కు ఏమవుతుందో తెలుసుకోండి

ఎండ తగ్గినప్పుడు సెల్ వోల్టేజీ పెద్దగా మారదు, కరెంటు మాత్రం ఎండ తగ్గినంత మేరా తగ్గిపోతుంది. సగం కప్పిన సెల్ 8.8 ఆంప్స్ బదులు 4.4 ఆంప్సే పుట్టించగలదు. సిరీస్‌లో ఉన్న సెళ్ళన్నింటిలోనూ ఒకే కరెంటు పారాలి. పొడవాటి నీళ్ళ పైపును ఒక్కచోట నొక్కితే పైపంతటా ధార తగ్గినట్టే, ఆ ఒక్క సెల్ దగ్గర పడిన అడ్డు మిగతా సెళ్ళన్నింటినీ ఆపుతుంది.

అంతటితో ఆగితే నష్టం యూనిట్లతో పోయేది. కానీ ఎండలో ఉన్న మిగతా సెళ్ళు ఊరుకోవు, తమ కరెంటును నీడలో ఉన్న సెల్ గుండా తోయడానికి చూస్తాయి. ఆ ఒత్తిడికి నీడలోని సెల్ మీద వోల్టేజీ తలకిందులవుతుంది. కరెంటు ఇవ్వాల్సిన సెల్ కరెంటు తినేదిగా మారి వేడెక్కుతుంది. డయోడ్లే లేకపోతే ఆ ప్యానెల్లోని మిగతా 71 సెళ్ళే కాదు, స్ట్రింగ్‌లోని, అంటే దానితో సిరీస్‌లో కలిపిన వరసలోని మిగతా ప్యానెళ్ళు కూడా ఆ ఒక్క సెల్ మీద పడతాయి. వెనక ప్లాస్టిక్ పొర కాలి గోధుమరంగు మచ్చ పడటం, అద్దం పగలడం అలా జరిగేవే. వాడుకలో హాట్ స్పాట్ అంటారు.

డయోడ్ ఈ దారిని మార్చేస్తుంది. మామూలుగా ఎండ బాగా ఉన్నప్పుడు భాగం 12.7 వోల్టులు ఇస్తుంటుంది, డయోడ్ దానికి ఎదురు దిశలో బిగించి ఉంటుంది కాబట్టి అందులో కరెంటు పారదు. భాగంలో ఒక సెల్ అడ్డం తిరిగి, మొత్తం భాగం వోల్టేజీ సున్నా దాటి దాదాపు అర వోల్టు మైనస్‌లోకి వెళ్ళగానే డయోడ్ తెరుచుకుంటుంది. స్ట్రింగ్ కరెంటు ఆ 24 సెళ్ళనూ వదిలేసి డయోడ్ గుండా వెళ్ళిపోతుంది. మిగతా రెండు భాగాలూ, మిగతా ప్యానెళ్ళూ తమ పని తాము చేసుకుంటాయి.

మీరు కోల్పోయేది రెండు ముక్కలు. ఒకటి ఆ భాగం ఇవ్వాల్సిన 12.7 వోల్టులు, రెండోది డయోడ్ తినే అర వోల్టు. మొత్తం 13.2 వోల్టులు. ప్యానెళ్ళలో వాడేవి షాట్కీ రకం డయోడ్లు కాబట్టి ఆ అర వోల్టుతో సరిపోతుంది.

ఇక్కడ ఒక పరిమితి తెలిసి ఉండాలి. డయోడ్ తెరుచుకున్నా నీడలోని సెల్‌కు పూర్తి రక్షణ రాదు. అదే భాగంలో ఉన్న మిగతా 23 సెళ్ళ వోల్టేజీ, దాదాపు 14 వోల్టులు, ఇంకా ఆ సెల్ మీదే ఉంటుంది. సగం కప్పిన సెల్‌లో 4.4 ఆంప్స్ పారుతుంటే 60 వాట్ల దాకా వేడి ఆ ఒక్క సెల్‌లో పుడుతుంది. పూర్తిగా కప్పేస్తే దానిలో కరెంటే దాదాపుగా పారదు కాబట్టి వేడి తక్కువ. అందుకే అన్నిటికన్నా చెడ్డది సెల్‌ను సగం కప్పి, రోజూ అదే చోట పడే నీడ. ఒక్కో డయోడ్ కింద 20 నుంచి 24 సెళ్ళే పెట్టడానికి కారణం కూడా ఇదే. అంతకు మించితే ఎదురు వోల్టేజీ మామూలు సిలికాన్ సెల్ తట్టుకునే హద్దు దగ్గరకు పోతుంది.

నష్టం లెక్క వేయండి

ఒక ఇల్లు తీసుకుందాం. 335 వాట్ల ప్యానెళ్ళు తొమ్మిది, అన్నీ ఒకే స్ట్రింగ్‌లో, మూడు కిలోవాట్ల ఇన్వర్టర్. స్ట్రింగ్ వోల్టేజీ 9 × 38 = 342 వోల్టులు. కరెంటు 8.8 ఆంప్స్. మంచి ఎండలో సుమారు 3,010 వాట్లు. మొత్తం భాగాలు 27.

ఒక బాదం ఆకు ఎగిరి వచ్చి ఒక సెల్‌ను పూర్తిగా కప్పిందనుకోండి. ఒక భాగం పోయింది. వోల్టేజీ 342 నుంచి 328.8కి దిగింది, కరెంటు మారలేదు. ఉత్పత్తి సుమారు 2,894 వాట్లు. నష్టం 116 వాట్లు, అంటే దాదాపు 4 శాతం. డయోడ్ లేకపోతే ఆ ఒక్క ఆకుకు స్ట్రింగ్ మొత్తం కుప్పకూలేది. అదే భాగంలో ఇంకో 23 సెళ్ళను కప్పినా నష్టం అదే 116 వాట్లు. కానీ రెండో ఆకు పక్క భాగంలో పడితే ఇంకో 116 పోతుంది.

మీ ఇంటికి లెక్క కట్టే సూత్రం ఇదీ:

```
నష్టం (వాట్లు) = నీడ పడిన భాగాలు × (Vmp/3 + 0.5) × Imp
```

ఈ సూత్రం గట్టి నీడకు. తేలికపాటి నీడ సంగతి వేరు. ఒక సెల్‌కు అందే ఎండలో 3 శాతమే తగ్గిందనుకుందాం. ఇన్వర్టర్ ముందు రెండు దారులుంటాయి. స్ట్రింగ్ మొత్తాన్నీ 3 శాతం తక్కువ కరెంటుతో నడపడం ఒకటి, ఆ భాగాన్ని డయోడ్ ద్వారా వదిలేసి మిగతావాటిని పూర్తి కరెంటుతో నడపడం ఇంకొకటి. మొదటి దారిలో 3 శాతం, రెండో దారిలో 4 శాతం పోతుంది. ఇన్వర్టర్ మొదటిదే ఎంచుకుంటుంది. సెల్ మీద నీడ 4 శాతం దాటితే రెండోది మేలు. అందుకే తొమ్మిది ప్యానెళ్ళ స్ట్రింగ్‌లో చిన్నపాటి నీడకే డయోడ్ తెరుచుకుంటుంది. అదే ఒక్కో ప్యానెల్‌కు విడిగా మైక్రో ఇన్వర్టర్ ఉంటే, వదిలేసే భాగం ప్యానెల్లో మూడో వంతు కాబట్టి, సెల్ దాదాపు మూడో వంతు కప్పుకుపోయేదాకా డయోడ్ తెరుచుకోవాల్సిన అవసరమే రాదు.

కేబుల్ టీవీ తీగ సంగతి చూడండి. సెంటీమీటరు మందం ఉన్న తీగ ప్యానెల్‌కు మీటరు కన్నా ఎత్తులో ఉంటే దాని కింద నల్లటి నీడ ఏర్పడదు, సూర్యబింబం వెడల్పు వల్ల అంచులు కరిగి మసక నీడే పడుతుంది. మసకబారినా, సెల్ వెడల్పు 15.6 సెంటీమీటర్లు కాబట్టి దాని ఎండలో 6 శాతం ఎలాగూ పోతుంది. ఒక్క భాగం మీదుగా పోతే నష్టం 4 శాతం. ఎన్ని భాగాల మీదుగా పోయినా ఇన్వర్టర్ కరెంటును 6 శాతం తగ్గించి నడుపుకోవచ్చు కాబట్టి నష్టం ఆ 6 శాతం దగ్గరే ఆగుతుంది. తీగ గురించి మరీ బెంగ అక్కర్లేదు. 5 సెంటీమీటర్ల జీఐ పైపు మాత్రం అలా కాదు. అది సెల్‌లో మూడో వంతు ఎండను తీసేస్తుంది, తాకిన భాగమల్లా పోయినట్టే.

నీడ ఎప్పుడు, ఎటు పడుతుందో గీసుకోండి

డిసెంబరు మూడో వారంలో ఒకరోజు సుద్దముక్క పట్టుకుని మేడ ఎక్కండి. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, మూడింటికి నీడ అంచులు గీయండి. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో, ఉదయం తొమ్మిదికి, సాయంత్రం మూడింటికి దాదాపు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. దక్షిణం వైపు తూర్పు పడమరలుగా ఉన్న పిట్టగోడ, ప్యానెల్ కింది అంచు కన్నా మీటరు ఎత్తుంటే, దాని నీడ మధ్యాహ్నం 86 సెంటీమీటర్ల దూరం, మూడింటికి 1.15 మీటర్ల దూరం ఉత్తరానికి పాకుతుంది. కాబట్టి ఎత్తు తేడాకు 1.2 రెట్ల ఖాళీ వదిలితే తొమ్మిది నుంచి మూడు దాకా ఆ గోడ బాధ ఉండదు.

డిసెంబరు ఒక్కటే చూసి వదిలేయకండి. యూరప్ కోసం రాసిన సలహాల్లో కనిపించని సంగతి ఒకటి మనకుంది. మే రెండో వారం నుంచి జులై చివరిదాకా హైదరాబాద్‌లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు. ఉదయం, సాయంత్రం ఇంకా ఉత్తరానికి ఒరుగుతాడు. ఉత్తరాన ఉంది కదా, ఏమీ కాదులే అని ప్యానెళ్ళ వెనక కట్టిన మెట్ల గది, దాని మీది వాటర్ ట్యాంకు ఎండాకాలం ఉదయం, సాయంత్రం తమ నీడను ప్యానెళ్ళ మీదికి తెస్తాయి. జూన్‌లో ఒకసారి కూడా గీయండి.

గీశాక ఆ గీతలను సెళ్ళతో కాక భాగాలతో పోల్చండి. నీడ మూడింటిలో దేన్ని తాకుతోంది, ఎన్ని గంటలు తాకుతోంది, ఇదే మీకు కావాల్సింది.

ప్యానెల్ నిలువుగానా, అడ్డంగానా నిర్ణయించండి

డయోడ్ల నుంచి ఎక్కువ ప్రయోజనం రాబట్టేది ఇక్కడే. బిగించక ముందే అయితే దీనికి పైసా ఖర్చు ఉండదు.

మన ఉదాహరణలో ముందు వరసలో మూడు ప్యానెళ్ళున్నాయి. పిట్టగోడ నీడ వాటి కింది అంచున 15 సెంటీమీటర్ల పట్టీలా పడుతుంది. ప్యానెళ్ళను నిలువుగా, అంటే పొడవు వైపు పైకి ఉండేలా బిగించారనుకోండి. కింది అంచున ఉండేవి ఆరు వరసల చివరి సెళ్ళు. ఆరు వరసలంటే మూడు భాగాలూ. నీడ కప్పింది ప్యానెల్లో పన్నెండో వంతే అయినా మూడు డయోడ్లూ తెరుచుకుంటాయి, ప్యానెల్ మొత్తం లెక్కలోంచి పోతుంది. మూడు ప్యానెళ్ళకు తొమ్మిది భాగాలు. స్ట్రింగ్ వోల్టేజీ 342 నుంచి 223కి పడుతుంది. నష్టం సుమారు 1,050 వాట్లు.

అవే ప్యానెళ్ళను అడ్డంగా పడుకోబెట్టి బిగిస్తే అదే పట్టీ కింద ఉన్న ఒక్క వరసను, 12 సెళ్ళను కప్పుతుంది. ఒక ప్యానెల్‌కు ఒకే భాగం. మొత్తం మూడు భాగాలు. వోల్టేజీ 302కి దిగుతుంది, నష్టం సుమారు 350 వాట్లు. కప్పిన అద్దం రెట్టింపు అయింది, నష్టం మూడో వంతుకు తగ్గింది.

నీడ నిలువు పట్టీలా పడితే, పక్కనున్న స్తంభమో తూర్పు వైపు గోడో అయితే, లెక్క తిరగబడుతుంది. అప్పుడు పాత రకం ప్యానెల్‌ను నిలువుగా పెట్టడమే మంచిది. నీడ గీత సెళ్ళ వరసల వెంబడి పోవాలి, వాటికి అడ్డంగా కోసుకుంటూ పోకూడదు. ఇంతకు మించి సూత్రం లేదు.

హాఫ్ కట్ ప్యానెళ్ళ మాట. వీటిలో మధ్య గీతకు పైన మూడు భాగాలు, కింద మూడు భాగాలు ఉంటాయి. పైభాగం, దాని కిందనున్న భాగం జతగా కలిసి, ఆ జతకు ఒకే డయోడ్. పైసగం సగం కరెంటు, కిందిసగం సగం కరెంటు ఇస్తాయి. కింది అంచున నీడ పడితే కిందిసగం ఆగిపోయినా పైసగం పని చేస్తుందని అమ్మేవాళ్ళు చెబుతారు. అది నిజమే, కానీ ఎప్పుడు నిజమో చెప్పరు.

540 వాట్ల ప్యానెళ్ళు ఆరు ఒకే స్ట్రింగ్‌లో ఉన్నాయనుకోండి, కరెంటు సుమారు 13 ఆంప్స్. ఒక్క ప్యానెల్‌కే కింది అంచున నీడ పడింది. దాని పైసగం 6.5 ఆంప్సే ఇవ్వగలదు. మిగతా ఐదు 13 ఆంప్స్ తోస్తున్నాయి. స్ట్రింగ్ మొత్తాన్నీ 6.5కి దించితే సగం పోతుంది, ఆ ఒక్క ప్యానెల్‌ను వదిలేస్తే ఆరో వంతే పోతుంది. ఇన్వర్టర్ రెండోదే ఎంచుకుంటుంది. మూడు డయోడ్లూ తెరుచుకుని ప్యానెల్ పూర్తిగా పోతుంది, పాత రకానికి తేడా ఏమీ ఉండదు. ఆరు ప్యానెళ్ళ కింది అంచులకూ ఒకేలా నీడ పడితేనో, ఒక్కో ప్యానెల్ కరెంటును విడిగా సర్దే ఆప్టిమైజర్ లేక మైక్రో ఇన్వర్టర్ ఉంటేనో పైసగం మిగులుతుంది. కాబట్టి మీ మేడ మీద నీడ ఒకటి రెండు ప్యానెళ్ళకే పడుతుంటే, కేవలం నీడ కోసమని హాఫ్ కట్‌కు ఎక్కువ డబ్బు పెట్టకండి. ఆ ప్యానెళ్ళను అడ్డంగా తిప్పడమో, జరపడమో చేయండి.

ఇన్వర్టర్ సరైన చోట నిలబడుతోందా చూడండి

డయోడ్ తెరుచుకోవాలంటే ఇన్వర్టర్ పూర్తి కరెంటు లాగాలి. కొన్ని భాగాలు నీడలో ఉన్నప్పుడు వోల్టేజీకి, పవర్‌కు మధ్య గీసిన గీతలో ఒక శిఖరానికి బదులు రెండు మూడు శిఖరాలు వస్తాయి. తక్కువ వోల్టేజీ, పూర్తి కరెంటు ఉన్నది ఒకటి. ఎక్కువ వోల్టేజీ, తక్కువ కరెంటు ఉన్నది ఇంకొకటి. ఇన్వర్టర్ తానున్న శిఖరం చుట్టుపక్కలే వెతుకుతూ చిన్నదాని మీదే ఉండిపోవచ్చు. అప్పుడు డయోడ్లు బాగానే ఉన్నా ఫలితం ఉండదు.

దీనికోసం చాలా ఇన్వర్టర్లలో మొత్తం వోల్టేజీ పరిధిని అప్పుడప్పుడు జల్లెడపట్టే అమరిక ఉంటుంది. హువావే ఇన్వర్టర్లలో దాన్ని `MPPT multi-peak scanning` అంటారు, గుడ్‌వీలో `Shadow Scan`. కొన్నింటిలో అది ఆపేసి వస్తుంది. మీ మేడ మీద నీడ ఉంటే ఆన్ చేయించండి. నీడే లేని చోట అక్కర్లేదు, జల్లెడపట్టే కాసేపూ ఉత్పత్తి కొంత పోతుంది.

ఇన్వర్టర్ లేబుల్ మీద ఎంపీపీటీ వోల్టేజీ పరిధి, అంటే గరిష్ఠ పవర్ కోసం అది వెతకగలిగే వోల్టేజీల హద్దులు కూడా చూడండి. నాలుగైదు ప్యానెళ్ళ చిన్న స్ట్రింగ్‌లో మూడు నాలుగు భాగాలు పోతే, అందులోనూ ఎండకు వేడెక్కి వోల్టేజీ ముందే తగ్గి ఉంటే, మిగిలిన వోల్టేజీ ఆ పరిధి కింది హద్దు కన్నా తక్కువైపోవచ్చు. అప్పుడు ఇన్వర్టర్ ఆ శిఖరాన్ని అందుకోలేదు.

డయోడ్లు బతికే ఉన్నాయా పరీక్షించండి

డయోడ్ రెండు రకాలుగా పాడవుతుంది. షార్ట్ అయితే ఆ భాగం ఎప్పటికీ పోయినట్టే, నీడ ఉన్నా లేకున్నా. తెగిపోతే, అంటే ఓపెన్ అయితే, మామూలు ఎండలో ఏ తేడా కనిపించదు. ఉత్పత్తి అంతా బాగానే ఉంటుంది. నీడ పడిన రోజున సెల్ కాలుతుంది. నా దృష్టిలో రెండోదే ప్రమాదం, ఎందుకంటే యాప్‌లో అంకెలు చూసి దాన్ని పసిగట్టలేరు.

ముందు వైర్లు ఏవీ విప్పనక్కర్లేని పరీక్ష. మబ్బు లేని రోజు పదకొండు, ఒంటిగంట మధ్య, ప్యానెళ్ళ మీద ఏ నీడా లేనప్పుడు మొదలుపెట్టండి. ఇన్వర్టర్ తెరమీదో యాప్‌లోనో ప్యానెల్ వైపు వోల్టేజీ, కరెంటు రాసుకోండి. ఒక సెల్ కన్నా కాస్త పెద్దదిగా మందపాటి అట్టముక్క కోసి, ఒక భాగంలోని ఒకే సెల్ మీద అద్దానికి ఆనించి పూర్తిగా కప్పండి. సగం కప్పవద్దు, వేడి ఎక్కువ పుట్టేది అప్పుడే. రెండు మూడు నిమిషాలు ఆగి అంకెలు చూసి, అట్ట తీసేయండి. అంతకన్నా ఎక్కువసేపు ఉంచకండి.

వోల్టేజీ దాదాపు 13 తగ్గి, కరెంటు ముందున్నట్టే ఉంటే ఆ డయోడ్ బాగుంది. వేసవిలో ప్యానెల్ బాగా కాగి ఉంటే 13కు బదులు 11 దగ్గర కనిపించవచ్చు, అది సహజం. ఏ అంకే మారకపోతే ఆ భాగం ఇప్పటికే లెక్కలో లేదు, డయోడ్ షార్ట్ అయి ఉండాలి. కరెంటు బాగా పడిపోయి వోల్టేజీ పెద్దగా తగ్గకపోతే, డయోడ్ తెగి ఉండాలి, లేదా ఇన్వర్టర్ చిన్న శిఖరం మీద చిక్కి ఉండాలి. వీటిలో ఏదో తేల్చడానికి అదే పరీక్ష ఇంకో ప్యానెల్ మీద చేయండి. అన్నిచోట్లా అలాగే అవుతుంటే తప్పు ఇన్వర్టర్‌ది. ఒక్క భాగం దగ్గరే అయితే ఆ డయోడ్‌దే.

రెండో పరీక్షకు ప్యానెల్‌ను విడదీయాలి, అందుకే ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని చేయండి. తొమ్మిది ప్యానెళ్ళ స్ట్రింగ్‌లో ఖాళీగా ఉన్నప్పుడు 400 వోల్టుల డీసీ ఉంటుంది, అది మనిషిని చంపుతుంది. కరెంటు పారుతుండగా ప్యానెల్ తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్ లాగితే పుట్టే మంట ఏసీలోలా దానంతటది ఆరదు. ముందు ఇన్వర్టర్ ఏసీ వైపు ఆపి, తర్వాత ప్యానెళ్ళ వైపున్న డీసీ ఐసోలేటర్ స్విచ్ ఆపి, క్లాంప్ మీటర్‌తో తీగలో కరెంటు సున్నా అని చూసుకున్నాకే కనెక్టర్ ముట్టుకోవాలి.

విడదీసిన ప్యానెల్ కొసల మధ్య డీసీ వోల్టేజీ కొలవండి. లేబుల్ మీద 46 ఉన్నా, ఎండకు 60 డిగ్రీలకు కాగిన ప్యానెల్ 41 దగ్గరే చూపిస్తుంది. పక్క ప్యానెల్ కూడా 41 చూపిస్తూ, ఇది 27 చూపిస్తే ఒక డయోడ్ షార్ట్. 14 చూపిస్తే రెండు షార్ట్. లేబుల్‌తో కాక పక్క ప్యానెల్‌తో పోల్చడమే నమ్మదగిన పద్ధతి.

తెగిన డయోడ్‌ను ఈ కొలత పట్టుకోలేదు. దానికోసం చీకటి పడ్డాక, దగ్గర్లో లైట్లు ఏవీ లేకుండా చూసుకుని, విడదీసిన ప్యానెల్‌కు మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టండి. ఎర్ర మొన ప్యానెల్ మైనస్ తీగకు, నల్ల మొన ప్లస్ తీగకు తాకించండి, మామూలుగా పెట్టేదానికి ఇది తలకిందులు. మూడు డయోడ్లూ బాగుంటే వోల్టు కన్నా తక్కువ అంకె ఒకటి వస్తుంది. మంచి ప్యానెల్ మీద వచ్చిన అంకెతో పోల్చండి. ఒక డయోడ్ తెగి ఉంటే అంకె చాలా పెరుగుతుంది, లేదా మీటర్ `OL` చూపిస్తుంది.

పాడైతే ఏం చేయాలి

డయోడ్లు చావడానికి పిడుగుల వల్ల వచ్చే సర్జ్ ఒక కారణం. ఇంకోటి వేడి. తెరుచుకున్న డయోడ్‌లో 8.8 ఆంప్స్ పారుతుంటే దాదాపు 4 వాట్ల వేడి, ఎండకు కాగిన మూసిన డబ్బాలో పుడుతుంది. షాట్కీ డయోడ్ వేడెక్కేకొద్దీ ఎదురు దిశలో లీకయ్యే కరెంటు పెరుగుతుంది. నీడ హఠాత్తుగా తొలగి భాగం వోల్టేజీ తిరిగి నిలబడినప్పుడు, కాగి ఉన్న డయోడ్ ఆ లీకేజీతో ఇంకా కాగి చచ్చిపోవచ్చు. తయారీ పరీక్షల్లో దీనికోసమే ఐఈసీ 62979 అనే ప్రమాణం ఉంది. ప్రమాణం పాసైన ప్యానెల్ అయినా, రోజూ మూడు నాలుగు గంటలు అదే డయోడ్ మీద భారం వేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఎప్పుడో పడే ఆకుకు, రెట్టకు, సాయంత్రపు నీడకు డయోడ్ ఉంది. ప్రతి మధ్యాహ్నం ట్యాంకు నీడలో ఉండే ప్యానెల్‌ను దాని పాలిట వదిలేయకండి, జరపండి.

పాత ప్యానెళ్ళలో జంక్షన్ బాక్సు మూత తీస్తే డయోడ్లు కనిపిస్తాయి. వారంటీ అయిపోయి ఉంటే, అదే ఆంప్స్, అదే వోల్టుల రేటింగ్ ఉన్న షాట్కీ డయోడ్ కొని, దిశ తప్పకుండా మార్పించవచ్చు. అలా వాడేవాటిలో 15 ఆంప్స్, 45 వోల్టుల 15SQ045 రకం ఒకటి. మామూలు రెక్టిఫైయర్ డయోడ్ వేయించకండి, అది 0.7 వోల్టుల పైన తిని ఆ మేరకు ఎక్కువ కాగుతుంది. మూత మీది రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చోకపోతే మొదటి వానకే నీళ్ళు చేరతాయి.

ఇప్పటి ప్యానెళ్ళలో బాక్సు లోపల సిలికాన్ జిగురు పోసి మూసేస్తారు. దాన్ని తవ్వితే వారంటీ పోతుంది. కంపెనీకి ఫిర్యాదు రాసేటప్పుడు "ఉత్పత్తి తగ్గింది" అని రాస్తే శుభ్రం చేసి చూడమంటారు. ప్యానెల్ సీరియల్ నంబరు, విడదీసి కొలిచిన వోల్టేజీ, అదే సమయంలో పక్క ప్యానెల్ వోల్టేజీ, అట్ట పరీక్షలో ప్రతి భాగానికి వచ్చిన అంకెలు, మీటర్ తెర కనిపించే ఫొటోలు పంపండి. ప్యానెల్ మార్చేదాకా, తెగిన డయోడ్ ఉన్న ప్యానెల్‌ను స్ట్రింగ్ నుంచి తప్పించి మిగతావాటిని కలిపి నడపండి. షార్ట్ అయినదైతే అలాగే ఉంచవచ్చు, మూడో వంతు తక్కువ ఇస్తుంది. కానీ జంక్షన్ బాక్సు చెయ్యి పెట్టలేనంత కాగుతున్నా, రంగు మారినా దాన్నీ వెంటనే తప్పించండి.